స్కూల్ డబ్బాలోకి అన్నమా, చపాతీనా, ఇడ్లీనా? ఎవరికి ఎంత?

జూన్‌లో స్కూళ్ళు తెరిచారంటే మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఒకటో తరగతి పిల్లకి లంచ్‌లోకి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?" బెంగళూరులో చాలా స్కూళ్ళకి రెండు డబ్బాలు కట్టాలి. పది గంటల షార్ట్ బ్రేక్‌కి ఒకటి, లంచ్‌కి ఒకటి. చిన్న డబ్బాకి ఒక యాలక్కి అరటిపండు గానీ, నాలుగైదు ఆపిల్ ముక్కలు గానీ చాలు. అందులో కేకు ముక్క, నాలుగు బిస్కెట్లు సర్దేసి లంచ్ డబ్బా అలాగే తిరిగొచ్చిందంటే తప్పు లంచ్‌ది కాదు. నేను చెప్పబోయేది రెండో డబ్బా సంగతి.

ఆరేళ్ళ పిల్లనే తీసుకుందాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి రోజుకి సుమారు 1,360 క్యాలరీలు కావాలి. పొద్దున ఇంట్లో టిఫిన్, సాయంత్రం పాలు, రాత్రి భోజనం ఉండనే ఉన్నాయి కాబట్టి లంచ్ డబ్బాలో 300 దాకా ఉంటే సరిపోతుంది. అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. ఆ 300 క్యాలరీలు ఒక్కో వంటలో ఒక్కో బరువుకి వస్తాయి.

చపాతీ అయితే 40 గ్రాముల పిండి ఉండలు రెండు. 100 గ్రాముల గోధుమపిండి కలిపితే అలాంటివి నాలుగు వస్తాయి. వాటికి చెంచా నెయ్యి, 70 గ్రాముల ఆలూ కూర. కాలాక మొత్తం కలిపి 140 గ్రాముల చుట్టూ తూగుతుంది. ఇడ్లీ అయితే మామూలు గుంటవి, ఒక్కోటి 40 గ్రాములవి నాలుగు, 30 గ్రాముల పల్లీ చట్నీ. అంటే 190. పప్పన్నమైతే 150 గ్రాముల అన్నం, 70 గ్రాముల పప్పు, చెంచా నెయ్యి, కలిపి 225. పెరుగన్నమైతే, పాలు, పెరుగు బాగా కలిపితేనే మధ్యాహ్నానికి మెత్తగా ఉంటుంది కాబట్టి, 260 దాటుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. నూనె చెయ్యి కొంచెం జారినా మారిపోతాయి. అయినా చపాతీ డబ్బాకీ పెరుగన్నం డబ్బాకీ మధ్య బరువు ఇంచుమించు రెట్టింపు అన్నది మాత్రం నిలుస్తుంది.

అలాగని అందరికీ చపాతీయే మేలని తేల్చెయ్యడానికి లేదు. చపాతీని నమలాలి. నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది పోషకాలు కాదు, నిమిషాలు. అరగంట లంచ్ బ్రేక్ అంటారు గానీ, లైన్లో వెళ్ళి చేతులు కడుక్కుని, మూత తీయించుకుని, పక్కవాడి డబ్బాలో చిత్రాన్నమో అక్కి రొట్టెనో చూసి, రెండు కబుర్లు చెప్పుకునేసరికి తినడానికి మిగిలేది పదిహేను, ఇరవై నిమిషాలు. మీ పిల్ల ఆ టైమ్‌లో ఎంత తినగలదో తెలుసుకోవడానికి ఆదివారం మధ్యాహ్నం అదే డబ్బాలో, అదే చల్లారిన తిండి పెట్టండి. టీవీ ఉండకూడదు, మీరు తినిపించకూడదు. పదిహేను నిమిషాలయ్యాక డబ్బా తీసేసి మిగిలింది తూకం వెయ్యండి. వంటింటి కాటా లేకపోతే ఇడ్లీలు, చపాతీ ముక్కలు లెక్కపెట్టినా చాలు.

అందుకే నాకు అన్నం కన్నా ముక్కలుగా లెక్కపెట్టగలిగేవే ఇష్టం. అన్నం డబ్బా తిరిగొస్తే అడుగున అణిగిపోయిన ముద్ద కనిపిస్తుంది. అది 30 గ్రాములో, 80 గ్రాములో కంటికి తెలియదు. మా అత్తయ్యకి డబ్బాలో ఖాళీ కనిపిస్తే మనసొప్పదు, గరిటె వెనక వైపుతో అదిమి మరీ పెడతారు. 350 మిల్లీలీటర్ల డబ్బాలో అలా అదిమితే పప్పన్నం 300 గ్రాములైనా పట్టేస్తుంది. అది ఆరేళ్ళ పిల్లకి తినాల్సినదానికన్నా చాలా ఎక్కువ. అన్నమే పెట్టాలనుకుంటే ఒక్కసారి 150 గ్రాములు తూచి, ఇంట్లో ఏ గిన్నెకి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, రోజూ ఆ గిన్నెతోనే కొలవండి. ప్రతి రోజూ కాటా బయటికి తియ్యక్కర్లేదు.

ముక్కలు తిరిగొచ్చిన తీరు కూడా ఒక కబురు చెబుతుంది. నాలుగు ఇడ్లీల్లో ఒకటి అసలు ముట్టుకోకుండా వచ్చిందంటే ఆకలి అంతే. మూడే పెట్టండి. సగం కొరికిన ముక్క వచ్చిందంటే తింటూ ఉండగా బెల్ కొట్టారు. అప్పుడు కొలత తగ్గించకుండా ముక్క సైజు మార్చాలి. చపాతీని కూరతో చుట్టి అడ్డంగా మూడు ముక్కలు కోస్తే రెండు చపాతీలకి ఆరు ముక్కలు, ఒక్కోటి రెండు కొరుకుళ్ళు. చపాతీ అంతా తిని కూర వదిలేసిందంటే అది కొలత గొడవ కాదు, కూర నచ్చలేదు. ఒకరోజు చూసి తేల్చుకోకండి, వారం చూడండి. డబ్బా నాకినట్టు ఖాళీ చేసి, బస్సు దిగగానే ఫ్రిజ్ తెరిచే పిల్లకి మాత్రం వెంటనే ఒక ఇడ్లీ గానీ అర చపాతీ గానీ పెంచండి.

నా మొగ్గు చెప్పమంటే, యూకేజీ, ఒకటో తరగతి వాళ్ళకీ, నెమ్మదిగా తినేవాళ్ళకీ ఇడ్లీ. యూకేజీకి మూడు చాలు. కాస్త నమిలే ఓపిక వచ్చాక, అంటే రెండో తరగతి నుంచి, తక్కువ తినే పిల్లలకి చపాతీ. కడుపు నిండిపోకముందే తిండి లోపలికి వెళ్తుంది. వేడి చపాతీలని డబ్బాలో మూతపెడితే చెమట పట్టి అడుగుది తడిసిపోతుంది. గుడ్డ మీద ఆరనిచ్చి అప్పుడు చుట్టండి. ఇంకో మాట, లెక్క మామూలు ఇడ్లీలకే. తట్టె ఇడ్లీ ఒక్కటే రెండు మూడు ఇడ్లీలంత ఉంటుంది.

ఐదో తరగతి పిల్లల దగ్గర ఈ చర్చకి పెద్దగా పని లేదు. నాలుగు చపాతీలు, 100 గ్రాముల కూర అయినా, ఆరేడు ఇడ్లీలైనా, 230 గ్రాముల అన్నం, 100 గ్రాముల పప్పు అయినా తినేస్తారు, ఆటల పీరియడ్ ఉన్న రోజు ఇంకో గుడ్డు కూడా పట్టిస్తారు. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తలకి 100 గ్రాముల బియ్యం లెక్క, వండితే 280 గ్రాముల దాకా అన్నం. దాన్ని చూసి ఒకటో తరగతి పిల్లకి అంతా సర్దకండి. ఆ లెక్క ఐదు తరగతులకీ కలిపి వేసింది.

నూడుల్స్, బ్రెడ్ జామ్ ఎప్పుడో ఒకసారి పెడితే ఏమీ కాదు. మధ్యాహ్నానికి నూడుల్స్ ఒకే ముద్దవుతాయి, బ్రెడ్ జామ్ తిన్న పిల్ల మూడింటికే ఆకలంటుంది. పూరీ చల్లారితే సాగుతుంది. సేమ్యా ఉప్మా గురించి అడగకండి.