క్యూజీఐఎస్‌లో భూవిస్తీర్ణం: $area, area(@geometry)లలో దేన్ని నమ్మాలి?

వ్యవసాయ భూముల హద్దులు గీసి హెక్టార్లు లెక్కగట్టే పనికి కొన్నేళ్లుగా క్యూజీఐఎస్ వాడుతున్నాను. ఒకే పొలానికి ఈ సాఫ్ట్‌వేర్ రెండు రకాల విస్తీర్ణాలు ఇస్తుంది. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో ఆ రెండింటినీ ఇలా అడుగుతాం:

```
$area / 10000
area(@geometry) / 10000
```

మొదటిది భూమి వంపును లెక్కలోకి తీసుకుని, ప్రాజెక్టులో ఎంచుకున్న ఎలిప్సాయిడ్ మీద కొలుస్తుంది. రెండోది లేయర్ ఏ ప్రొజెక్షన్‌లో ఉందో ఆ కాగితం మీది బొమ్మనే కొలుస్తుంది.

సూర్యాపేట ప్రాంతంలో సరిగ్గా 2 హెక్టార్ల పొలం ఉందనుకుందాం. ఉపగ్రహ చిత్రం తెరిచి దానిమీదే హద్దు గీస్తే, లేయర్ చాలాసార్లు EPSG:3857లో తయారవుతుంది. ఈ ప్రొజెక్షన్ భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ భూమిని సాగదీస్తుంది కనుక, 17 డిగ్రీల అక్షాంశం దగ్గర రెండో సూత్రం 2.20 హెక్టార్లు చూపిస్తుంది. అంటే 4 ఎకరాల 38 గుంటల పొలం కాస్తా 5 ఎకరాల 17 గుంటలవుతుంది. లేని దాదాపు అర ఎకరం రికార్డులోకి ఎక్కుతుంది, అది రైతుకు గానీ కొనేవారికి గానీ న్యాయం కాదు. అదే పొలాన్ని EPSG:32644లోకి, అంటే యూటీఎం 44వ జోన్‌లోకి మార్చి కొలిస్తే తేడా ఐదారు చదరపు మీటర్లకు మించదు. ఆ జోన్‌లోనూ విజయవాడ వైపు వంద హెక్టార్లకు 0.08 హెక్టారు తగ్గుతుంది, హైదరాబాద్ వైపు దాదాపు 0.1 హెక్టారు పెరుగుతుంది. ఒక్క పొలానికి ఇది పట్టించుకోవాల్సినంత కాదు గానీ, జిల్లా మొత్తం కూడేటప్పుడు నేను $area మీదే ఆధారపడతాను.

అయితే $area కూడా ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లోని జనరల్ పేజీలో ఉన్న సెట్టింగులకు లోబడే పనిచేస్తుంది. అక్కడ ఎలిప్సాయిడ్ None / Planimetric అని ఉంటే, పేరు అదే అయినా వచ్చేది సమతల విస్తీర్ణమే. యూనిట్ ఎకరాలని ఉంటే 10000తో భాగించడం అర్థం లేని పని. కాబట్టి ఎలిప్సాయిడ్‌కు EPSG:7030, యూనిట్‌కు చదరపు మీటర్లు ఉన్నాయని చూసుకున్నాకే రెండు సూత్రాలకూ చెరో కాలమ్ వేసి పోల్చుతాను. మన ప్రాంతంలో తేడా పది శాతం దగ్గర ఉంటే లేయర్ 3857లో ఉన్నట్టే. 0.0000017 లాంటి అంకె కనబడితే, భాగించకముందే, అది చదరపు డిగ్రీల్లో వచ్చిన లెక్క.

ఎలిప్సాయిడ్ లెక్క సరిచేసేది ప్రొజెక్షన్ లోపాన్ని మాత్రమే. ఆ 2 హెక్టార్ల పొలం చదరంగా ఉండి, హద్దు చుట్టూ ఒక్క మీటరు బయటికి గీస్తే దాదాపు 570 చదరపు మీటర్లు, అంటే ఐదు గుంటలకు పైనే అదనంగా చేరుతుంది. దాన్ని ఏ సూత్రమూ పట్టుకోలేదు, గట్టు దగ్గరికి వెళ్లి హద్దు రాళ్లను కొలుచుకోవాల్సిందే.