కాలనీ హాల్లో యోగా క్లాసు: నాలుగేళ్లు వెళ్లాక నా సమీక్ష

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే జరిగే యోగా క్లాసుకు నాలుగేళ్లుగా వెళ్తున్నాను. నాకు యాభై ఆరేళ్లు. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను, కుడి మోకాలు అరుగుతోందని డాక్టరు చెప్పారు. హాలు అద్దె గురించి అసోసియేషన్‌తో మాట్లాడి కుదిర్చింది నేనే కాబట్టి ఈ క్లాసు లెక్కలు కూడా నాకు తెలుసు. చేరాలనుకునేవాళ్లకీ, తమ కాలనీలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే టీచర్లకీ పనికొస్తుందని రెండు వైపుల నుంచీ రాస్తున్నాను.

మొదట్లో ఈ క్లాసు పార్కులోనే జరిగేది. నెలకు ఐదొందలు. గాలి బాగుండేది, చెట్ల కింద చాప పరుచుకుంటే హాయిగా ఉండేది. కానీ జూన్‌లో వానలు మొదలయ్యాక వారంలో రెండు మూడు రోజులు క్లాసు ఎగిరిపోయేది. చలికాలంలో గడ్డి మీద మంచుకు చాపలు తడిసేవి, దోమలు వదిలేవి కావు. అన్నిటికంటే పెద్ద చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. పార్కు అందరిదీ కదా, అక్కడ ఫీజు అడిగితే వాకింగ్‌కు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు ‘ఇక్కడ కూడా డబ్బులా?’ అనేవారు. వానకు పోయిన రోజులు లెక్కగట్టి ‘ఈ నెల సగమే ఇస్తాను’ అనేవాళ్లు మరికొందరు. మాకు నేర్పే మేడమ్ రోజూ ఐదున్నరకల్లా వచ్చి నిలబడేవారు, నెలాఖరుకు చేతిలో ఎంత పడుతుందో ఆవిడకే తెలిసేది కాదు.

హాల్లోకి మారాక లెక్క ఇలా తేలింది. సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది వరకు హాలు వాడుకోవడానికి అసోసియేషన్‌కు నెలకు 7,000 రూపాయలు. ఫీజు నెలకు 1,200, మూడు నెలలకు ఒకేసారి కడితే 3,000. మాలో ఎక్కువమంది మూడు నెలలదే కడతారు కాబట్టి మనిషికి నెలకు వెయ్యి అనుకోవచ్చు. అంటే మొదటి ఏడుగురి డబ్బు అద్దెకే సరిపోతుంది. ఎనిమిదో మనిషి దగ్గర్నుంచే టీచరుకు మిగిలేది.

మరి ఎంతమందిని తీసుకోవచ్చు? మా హాలు ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. యోగా మ్యాటు ఆరడుగులు, రెండడుగులే కానీ త్రికోణాసనంలో కాళ్లు ఎడంగా పెట్టి చేతులు చాచడానికి మనిషికి కనీసం ఏడడుగులు, నాలుగడుగుల జాగా కావాలి. వెనక పేర్చిన కుర్చీలకూ ముందు మేడమ్ నిలబడే చోటుకూ వంద చదరపు అడుగులు పోగా మిగిలేది ఐదు వందలు. అందులో కాస్త సర్దుకుంటే పట్టేది పద్దెనిమిది మంది. మేడమ్ బ్యాచ్‌ను పద్దెనిమిది దగ్గరే ఆపేశారు. పద్దెనిమిది వేలలో అద్దె పోతే మిగిలేది పదకొండు వేలు, వారానికి ఆరు పొద్దుల కష్టానికి అది తక్కువే. అందుకే ఆరూ ముప్పావుకు రెండో బ్యాచ్ పెట్టారు. అందులో పన్నెండు మంది, చాలావరకు పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి వచ్చే ఆడవాళ్లు. అద్దె అదే కాబట్టి ఆ పన్నెండు వేలూ నేరుగా ఆవిడకే మిగులుతాయి. ఒక్క బ్యాచ్‌తో హాలు తీసుకోవాలనుకునే టీచర్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఏటా జూన్ 21న అసోసియేషన్ వాళ్లు పార్కులో యోగా దినోత్సవం చేస్తారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన నలభై ఐదు నిమిషాల సామాన్య యోగా క్రమాన్ని మేడమే చేయిస్తారు. ఆ రోజు పార్కు నిండిపోతుంది, ‘రేపట్నుంచి నేనూ వస్తాను’ అనేవాళ్లు పదిహేను మందైనా ఉంటారు. మేడమ్ వాళ్లను రేపే రమ్మనరు. కొత్తవాళ్లు చేరేది ఒకటో తేదీన, పదహారో తేదీన మాత్రమే. రోజుకో కొత్త మనిషి వస్తూ ఉంటే అందరికీ మళ్లీ తాడాసనం నుంచి చెప్పాల్సి వస్తుంది, డబ్బు కట్టిన పాతవాళ్లకు విసుగొస్తుంది. ఆ పది రోజులూ ఆగి ఒకటో తేదీన వచ్చేది నలుగురో ఐదుగురో. నా అనుభవంలో వాళ్లే నిలబడతారు. మూడు రోజులు ఊరికే చేసి చూడొచ్చు, ఆ తర్వాత మొదట ఒక్క నెల ఫీజే తీసుకుంటారు. మూడు నెలల డబ్బు మొదటి రోజే ఇస్తానన్నా పుచ్చుకోరు. ‘ఒక నెల చేశాక మీ ఒంటికి పడుతుందో లేదో చూడండి ఆంటీ, అప్పుడు కట్టండి’ అని మా పక్కింటావిడతో అంటుంటే నేను విన్నాను. ఇంతకుముందు నేను వెళ్లిన ఒకచోట ఏడాది ఫీజు ముందే కట్టించుకుని నాలుగో నెలలో తాళం వేశారు కాబట్టి ఈ పద్ధతికి నేను చాలా విలువ ఇస్తాను.

చేరిన మొదటి రోజు పావుగంట ముందు రమ్మంటారు. బీపీ, షుగర్, థైరాయిడ్, ఆపరేషన్లు, మోకాళ్లు, మెడనొప్పి, గ్లకోమా, హెర్నియా, వాడుతున్న మందులు అన్నీ అడిగి నోటుబుక్కులో రాసుకుంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లను క్లాసుకు ముందు ఏం తినాలో డాక్టర్ని అడిగి రమ్మంటారు. మూడో రోజుకో నాలుగో రోజుకో తొడలు, పిక్కలు పట్టేస్తాయనీ, అది రెండు మూడు రోజుల్లో తగ్గుతుందనీ, కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆపి తనకు చెప్పాలనీ ముందే హెచ్చరిస్తారు. మానేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి నెలలోనే మానేస్తారు, అందులోనూ ఒళ్లునొప్పులకు భయపడే మానేస్తారు. ముందే చెప్పడం వల్ల ఆ భయం సగం పోతుంది.

నా సంగతే చెప్తాను. వజ్రాసనంలో నేను కూర్చోలేను. దుప్పటి మడతపెట్టి పిరుదులకూ మడమలకూ మధ్య పెట్టించి చూశారు, అయినా మోకాలు లాగింది. అప్పట్నుంచి అందరూ వజ్రాసనంలో ఉన్నంతసేపూ నేను కుర్చీలో నిటారుగా కూర్చుని చేస్తాను. పాదహస్తాసనంలో తల పూర్తిగా కిందికి వంచనివ్వరు, ఎదుట కుర్చీ పెట్టి దాని మీద చేతులు ఆనించి నడుము వరకే వంగమంటారు. కపాలభాతి వేళ నేనూ, బీపీ ఉన్న ఇంకో ముగ్గురమూ ఊపిరి బిగపట్టకుండా అనులోమ విలోమం చేసుకుంటాం, తర్వాత భ్రామరికి అందరితో కలుస్తాం. ఇదంతా ఎవరికీ వేరుగా అనిపించకుండా జరిగిపోతుంది. ‘అక్కా, కుర్చీ’ అని ఒక్కమాట అంటారు, అంతే. ఎవరైనా పళ్లు బిగించినా, నోటితో గాలి పీల్చినా వెంటనే ఆసనం సగానికి దింపిస్తారు. నేను అదే ఆసనం వంద మందిలో పార్కులో చేసిన రోజున నా ముఖం ఎవరూ చూడలేదు.

ఇక్కడి డబ్బు పద్ధతిలో నాకు బాగా నచ్చింది ‘ఆపు’. మూడు నెలలు కట్టినవాళ్లు ముందే చెబితే ఒకసారి పదిహేను రోజుల దాకా ఆపుకోవచ్చు, ఆ రోజులు చివర్లో కలుస్తాయి. నెలనెలా కట్టేవాళ్లకు ఇది లేదు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు, కార్తీకమాసంలో తెల్లవారుజామున దీపాలు పెట్టుకునేవాళ్లు, పిల్లల పరీక్షల్లో చిక్కుకున్న తల్లులు, వేసవి సెలవులకు పుట్టిళ్లకు పోయేవాళ్లు ఇదివరకు ఆ నెల ఫీజు దండగని మానేసేవారు, మానేసినవాళ్లు మళ్లీ రావడానికి మొహమాటపడేవారు. ఇప్పుడు ఆపి వెళ్తారు, తిరిగొస్తారు. మేలో పద్దెనిమిది మందికి పది మందే కనిపించినా ఏప్రిల్‌లో వచ్చిన డబ్బుతో అద్దె ఆగదు. కాకపోతే ఏప్రిల్‌లో చేతికొచ్చింది మూడు నెలల సొమ్ము. అందుకని జూన్ దాకా అద్దె డబ్బు మేడమ్ వేరే ఖాతాలో పెట్టేస్తారు.

హాజరు కూడా రాస్తారు. చెప్పకుండా మూడు రోజులు రాకపోతే ‘అక్కా, ఒంట్లో బాగుందా?’ అని మెసేజ్ వస్తుంది. అందులో ఫీజు మాట ఉండదు. జ్వరం వచ్చి పది రోజుల తర్వాత వెళ్లినప్పుడు నా చేత సూర్య నమస్కారాలు చేయించలేదు, కీళ్ల కదలికలు, పడుకుని చేసేవి, ప్రాణాయామం అంతే. పుస్తకంలో రాసుంది కాబట్టి ఎవరిని ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టించాలో ఆవిడకు తెలుస్తుంది.

ఇక బాగాలేనివి. ముహూర్తాలున్న నెలల్లో హాలు పెళ్లిళ్లకూ ఓణీల ఫంక్షన్లకూ పోతుంది. ముందురోజు రాత్రి గ్రూపులో పెడతారు, మేం పార్కుకో ఒకరింటి డాబా మీదికో వెళ్తాం. డాబా మీద పన్నెండు మందికి మించి పట్టరు, ఆ రోజు రెండు బ్యాచ్‌లనూ మూడుగా చేస్తారు, సమయం ముప్పావుగంటకు తగ్గుతుంది. ఫంక్షన్ మర్నాడు నేల జిడ్డుగా ఉంటుంది, తుడిపించే బాధ్యత అసోసియేషన్‌దని ముందే కాగితం మీద రాయించుకోవాల్సింది, అది ఇంకా కాలేదు.

రెండోది పెద్దది. మేడమ్ ఊరెళ్లినప్పుడు ఒకసారి ఆవిడ బదులు వచ్చిన మనిషి అందరి చేతా ఒకే వేగంతో సూర్య నమస్కారాలు, ఆ వెంటనే గట్టిగా కపాలభాతి చేయించారు. బీపీ ఉన్న ఒకావిడకు కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. తర్వాతి నుంచి ఎవరు బదులొచ్చినా ఎవరికి ఏం వద్దో రాసిన కాగితం ముందే ఇస్తున్నారు, ఆ రోజు కపాలభాతి అసలు ఉండదు. అలాంటి కాగితం లేని క్లాసులో బదులు టీచరు వస్తే బీపీ ఉన్నవాళ్లు మొదట్లోనే నోరువిప్పి చెప్పుకోవాలి.

మూడోది, బరువు. నాలుగేళ్లలో నా బరువు పెద్దగా మారలేదు. మెట్లు ఎక్కడం తేలికైంది, నేల మీద నుంచి చెయ్యి ఆనకుండా లేస్తున్నాను, నిద్ర బాగుంది, మాత్ర మాత్రం అలాగే ఉంది. బరువు తగ్గడానికని వచ్చినవాళ్లకు మేడమే ‘ఇది ఒక్కటే చాలదు, నడక, తిండి కూడా చూసుకోవాలి’ అని మొదటి రోజే చెప్పేస్తారు. అలా చెప్పడం వల్ల కొందరు చేరకుండానే వెళ్లిపోయారు కూడా. కండబలం పెంచుకోవాలనుకునే ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లకు ఈ క్లాసు నెమ్మదిగా అనిపిస్తుంది. మా అబ్బాయి రెండు వారాలు వచ్చి జిమ్‌కు వెళ్లిపోయాడు, వాడికి అదే సరైంది.

సాయంత్రం బ్యాచ్ పెట్టమని ఉద్యోగాలు చేసేవాళ్లు అడుగుతున్నారు. ఆ వేళ హాల్లో పిల్లల డ్యాన్స్ క్లాసు, పక్కనే షటిల్ కోర్టు చప్పుడు. శవాసనంలో ఐదు నిమిషాలు నిశ్శబ్దం దొరకదని మేడమ్ ఒప్పుకోవడం లేదు. ప్రస్తుతానికి మొదటి బ్యాచ్‌లో ఖాళీ లేదు, రెండో బ్యాచ్‌లో ఆరు చోట్లున్నాయి. మోకాళ్ల నొప్పులు, బీపీ, నడుంనొప్పి ఉన్న నా వయసువాళ్లకు నెలకు వెయ్యి రూపాయలకు ఇది పూర్తిగా గిట్టుబాటు. ఈ పదహారో తేదీకి మా చెల్లెల్ని కూడా చేర్పిస్తున్నాను.