శూన్యత చెప్పాలంటే బండి మేలా, కెరటం మేలా?

సాగర్‌లో బుద్ధవనం చూసొచ్చిన మిత్రులు నల్లగొండలో మా ఇంట్లో ఆగి టీ తాగుతూ ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "అన్నా, నాగార్జునుడి శూన్యతకు కెరటం పోలిక బాగుంటదా, రథం పోలికనా?"

ఏదీ దానంతట అది నిలబడదు, దేనికీ సొంత స్వభావం లేదు అన్నదే బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు చెప్పిన శూన్యత అని వాళ్లకు తెలుసు. కాబట్టి నేను చూసేది ఒక్కటే: పోలిక చెప్పడం అయిపోయాక విన్నవాడి మనసులో ఏ గట్టి వస్తువు మిగిలింది?

కెరటం తొందరగా ఎక్కుతుంది. సాగర్ నీళ్ల మీద తేలే ఖాళీ సీసాను కాసేపు చూడండి. కెరటం మనవైపు వస్తున్నట్టే ఉంటుంది, సీసా మాత్రం దాదాపు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. అక్కడినుంచి ఇక్కడికి ప్రయాణం చేసిన 'కెరటం' అనే వస్తువు లేదు. గాలి, నీళ్లు, లోతు కలిసినందుకు కనబడే కదలిక అది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వినేవాళ్లలో ఒకరు తప్పకుండా అంటారు: "అంటే కెరటాలు వస్తయి పోతయి, నీళ్లు మాత్రం ఉంటయి. అంతేనా?"

అది అద్వైతులు చెప్పే మాట, నాగార్జునుడి మార్గమైన మాధ్యమికం కాదు. లంకావతార సూత్రంలోనూ సముద్రం, అలల పోలిక ఉంది. అక్కడ అది ఆలయవిజ్ఞానం, అంటే అన్ని అనుభవాల బీజాలనూ దాచుకునే అడుగు చైతన్యం గురించి చెప్పడానికి వచ్చింది. ఇంకొందరు నీళ్ల స్థానంలో శూన్యతనే కూర్చోబెడతారు, అన్నిటికీ అడుగున ఉండే ఏదో తత్వంలాగా. శూన్యతనే ఒక దృష్టిగా పట్టుకున్నవాళ్లను బాగుచేయడం కుదరదని మూలమధ్యమకకారిక 13వ ప్రకరణం చివర్లో నాగార్జునుడు అన్నది ఇలాంటివాళ్ల గురించే.

ఇక బండి. మా ఊళ్లో కొట్టం వెనక తాత ఎడ్లబండి విప్పి పెట్టి ఉంది. చక్రాలు గోడకు ఆనించి, ఇరుసు కింద, నొగలు పైన అడ్డంగా, కాడి ఓ మూలకు. ఒక్క భాగమూ పోలేదు. అయినా బండి ఏదని అడిగితే చూపించలేను.

నాగార్జునుడి బాటలో నడిచిన చంద్రకీర్తి 7వ శతాబ్దంలో మధ్యమకావతారంలో రథాన్ని ఏడు రకాలుగా వెతికాడు. భాగాలకు వేరుగా రథం దొరకదు. భాగాలే రథం అందామంటే, ఎన్ని భాగాలో అన్ని రథాలు కావాలి. భాగాలు దాని సొత్తూ కావు, అది భాగాల్లోనూ లేదు, భాగాలు దానిలోనూ లేవు. ఈ ఐదూ త్వరగా తేలిపోతాయి. అసలు పట్టు చివరి రెండింటిలో ఉంది. భాగాల కుప్పే బండి అయితే, మా కొట్టం వెనక ఉన్నది బండే కావాలి, కట్టండి ఎడ్లను! లేదు, ఆకారమే బండి అంటారా? ఎవరి ఆకారం? చక్రం గోడకు ఆనించినప్పుడూ గుండ్రమే, ఇరుసుకు ఎక్కించినప్పుడూ గుండ్రమే. విడిగా ఉన్నప్పుడు బండి కాని ఆకారం బిగించగానే ఎలా అయింది? మొత్తం కూర్పు ఆకారం అందామంటే, కూర్పు అనేది భాగాలకు మనం పెట్టుకున్న లెక్కే, ఆకారాన్ని మోయడానికి అదొక వస్తువు కాదు.

ఇక్కడా ఒక గుంత ఉంది. మిలిందపన్హ అనే పాళీ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిళింద రాజుకు చెప్పిన రథం ఇంతకన్నా పాతది. అది 'నాగసేనుడు' అనేది వ్యవహారంలో పెట్టుకున్న పేరే, లోపల వేరే పురుషుడు లేడని చూపడానికి వచ్చింది. అక్కడితో ఆగితే బండి లేదు, చక్రం మాత్రం ఉంది అనిపిస్తుంది. బౌద్ధంలోనే అభిధర్మ పండితులు కూడా ఇలాగే చివరికి విడగొట్టలేని ధర్మాలనే మూల అంశాలకు స్వభావం ఉందన్నారు. విన్నవాడు చక్రం దగ్గర ఆగిపోయాడని అనుమానం వస్తే, చక్రంలో ఆకులు, ఇనుప పట్టా విప్పి అవే ఏడు ప్రశ్నలు మళ్లీ అడగాలి. బండి మేలనడానికి నాకున్న కారణం ఇదే: అదే పనిముట్టు ఎంత లోపలికైనా పనిచేస్తుంది. కెరటంతో అయితే నీళ్ల దగ్గర కొత్త పోలిక వెతుక్కోవాలి.

మరి బండి లేనట్టేనా? విగ్రహవ్యావర్తనిలో నాగార్జునుడే ఈ ప్రశ్న ఎత్తుకున్నాడు. రథం, కుండ, బట్ట స్వభావం లేనివే, అయినా రథం కట్టెలు, గడ్డి, మట్టి మోస్తుంది, కుండలో నీళ్లు, పాలు నిలుస్తాయి, బట్ట చలినుంచి కాపాడుతుంది అన్నాడు. మా తాత బండి కూడా ఏటా వడ్ల బస్తాలు మోసింది. ఇరుసు, ఎడ్లు, కమ్మరి పట్టా ఎక్కించిన పని, బండి అని పిలిచే ఊరు, వీటన్నిటి మీద ఆధారపడింది కాబట్టే విప్పితే ఆగిపోయింది, కడితే నడిచింది. సొంత స్వభావంతో బండిగా ఉండేదైతే దాన్ని విప్పడమూ కుదరదు, కట్టాల్సిన పనీ ఉండదు.

అరటిబోదె, ఎండమావి పోలికలూ ఉన్నాయి. బోదె ఒలిస్తే లోపల ఏమీ లేదు, ఎండమావిలో నీళ్లు లేవు. వీటితో మొదలుపెడితే జనం శూన్యతను సున్నా అనుకుంటారు, నేను వాడను. సాగర్ కట్ట మీద నిలబడి ఎవరైనా అడిగితే మాత్రం సీసాను చూపిస్తాను. నీళ్ల ప్రశ్న రాగానే కొట్టం వెనకకు తీసుకొస్తాను.