మూడు సమీకరణాలు, మూడు అవ్యక్త రాశులు: క్రేమర్ నియమమా, అడ్డువరుసల పద్ధతా, ఏది మేలు?

ఇంటర్ మొదటి సంవత్సరం మాత్రికల పాఠంలో మూడు ఏకఘాత సమీకరణాలను సాధించడానికి క్రేమర్ నియమం, విలోమ మాత్రిక పద్ధతి, గాస్-జోర్డాన్ పద్ధతి వరుసగా వస్తాయి. హనుమకొండ కాలేజీల్లో చాలామంది విద్యార్థులు, సూత్రం గుర్తుంటే చాలు కదా అని, క్రేమర్ వైపే మొగ్గుతారు. ఏ పద్ధతిని వాడాలన్నది ప్రశ్నలోనే చెప్పి ఉంటే చర్చకు తావు లేదు. ఎంచుకునే వీలు ఉన్నప్పుడు మాత్రం ఆగ్మెంటెడ్ మాత్రికను అడ్డువరుసల పరిక్రియలతో కుదించడమే మేలని నా అభిప్రాయం. లెక్క తగ్గడం అందుకు ఒక కారణమే గాని, అసలు కారణం నిర్ధారకం సున్నా అయినప్పుడు బయటపడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లోని ఒక కిరాణా దుకాణంలో ముగ్గురు ఎండుమిర్చి, పసుపు, చింతపండు కొన్నారు. మొదటి వ్యక్తి వరుసగా 1, 1, 2 కిలోలు కొని 720 రూపాయలు, రెండో వ్యక్తి 2, 3, 1 కిలోలు కొని 1170 రూపాయలు, మూడో వ్యక్తి 3, 2, 4 కిలోలు కొని 1680 రూపాయలు చెల్లించారు. కిలో ధరలను x, y, z అనుకుంటే ఆగ్మెంటెడ్ మాత్రిక ఇలా ఉంటుంది:

```
1  1  2 |  720
2  3  1 | 1170
3  2  4 | 1680
```

R2 → R2 − 2R1, R3 → R3 − 3R1 చేస్తే మొదటి నిలువువరుసలో 1 కింద సున్నాలు వస్తాయి. ఆ తరువాత R3 → R3 + R2 చేస్తే త్రిభుజ రూపం వస్తుంది:

```
1  1  2 |  720
0  1 -3 | -270
0  0 -5 | -750
```

చివరి వరుస −5z = −750 అంటోంది కనుక z = 150. దాన్ని పై వరుసలో ప్రతిక్షేపిస్తే y = −270 + 450 = 180, మొదటి వరుసలో x = 720 − 180 − 300 = 240. ఇదే లెక్కను క్రేమర్ నియమంతో చేయాలంటే నాలుగు నిర్ధారకాలు విలువ కట్టాలి. సహగుణకాల ప్రకారం విస్తరిస్తే ఒక్కో 3×3 నిర్ధారకానికి తొమ్మిది గుణకారాలు, మొత్తం 36 గుణకారాలు, ఆపైన మూడు భాగహారాలు అవుతాయి. అడ్డువరుసల పద్ధతిలో సాధారణంగా 11 గుణకారాలు, ఆరు భాగహారాలు సరిపోతాయి. పైగా 720, 1170, 1680 వంటి పెద్ద సంఖ్యలు క్రేమర్‌లో మూడు నిర్ధారకాల్లోకి చొరబడి ప్రతి విస్తరణనూ బరువెక్కిస్తాయి. ఇక్కడ అవి గీతకు అవతల ఒకే నిలువువరుసలో ఉండిపోతాయి.

త్రిభుజ రూపం దగ్గరే ఆగి వెనుక నుంచి ప్రతిక్షేపించడం మేలా, లేక గాస్-జోర్డాన్‌లో లాగా ఎడమవైపు యూనిట్ మాత్రిక వచ్చేదాకా వెళ్లడం మేలా? మూడు అవ్యక్త రాశులకు పనిలో తేడా స్వల్పమే. అయితే గాస్-జోర్డాన్‌లో ప్రతి ప్రధాన మూలకాన్నీ ముందే 1 చేయాలని తొందరపడితే భిన్నాలు మొదట్లోనే వచ్చి చివరిదాకా వెంట వస్తాయి. అందుకే, పరీక్షలో గాస్-జోర్డాన్ అని అడగనప్పుడు, త్రిభుజ రూపం దగ్గర ఆగమనే చెబుతాను. మొదటి గుణకం 1 ఉన్న సమీకరణాన్ని పైకి తెచ్చుకోవడం కూడా భిన్నాలను తప్పించే సులువైన జాగ్రత్త. (ఈ పేరులోని జోర్డాన్ భూమి కొలతల శాస్త్రంలో పనిచేసిన జర్మన్ విల్‌హెల్మ్ జోర్డాన్, ఫ్రెంచ్ గణితవేత్త కామిల్ జోర్డాన్ వేరు.)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మూడో వ్యక్తి చింతపండు నాలుగు కిలోలు కాక తొమ్మిది కిలోలు కొని, 2430 రూపాయలు చెల్లించాడనుకుందాం. ఇవే పరిక్రియలు చేస్తే మూడో వరుస మొత్తం 0 0 0 | 0 అవుతుంది. అంటే మూడో బిల్లు కొత్త సమాచారమేదీ ఇవ్వలేదు. అది మొదటి బిల్లుకు ఐదు రెట్ల నుంచి రెండో బిల్లును తీసివేస్తే వచ్చేదే. మిగిలిన రెండు వరుసల నుంచి y = 3z − 270, x = 990 − 5z అని సాధనలన్నీ ఒకేసారి దొరుకుతాయి. ధరలు రుణాత్మకం కాకూడదు కనుక z విలువ 90కి, 198కి మధ్యనే ఉండాలన్న సంగతి కూడా వెంటనే తెలుస్తుంది. అదే బిల్లు మీద 2450 అని ఉంటే చివరి వరుస 0 0 0 | 20 అవుతుంది. సున్నా ఇరవైకి సమానం కాదు కనుక వ్యవస్థ అసంగతం, అంటే ఆ మూడు బిల్లులు ఒకే ధరలతో రాసినవి కావు.

క్రేమర్ నియమం ఈ చోట Δ = 0 అని చెప్పి ఆగిపోతుంది. అక్కడితో ఆగినా నష్టం లేదు గాని, "Δ, Δ1, Δ2, Δ3 అన్నీ సున్నా అయితే అనంత సాధనలు" అన్న వాక్యం విద్యార్థుల నోట్సుల్లో తరచు కనిపిస్తుంది. మూడు అవ్యక్త రాశుల విషయంలో అది నిజం కాదు. x + y + z = 1, x + y + z = 2, x + y + z = 3 తీసుకోండి. నాలుగు నిర్ధారకాల్లోనూ రెండేసి నిలువువరుసలు సమానం కనుక అన్నీ సున్నాలే, కాని సాధన ఒక్కటీ లేదు. R2 → R2 − R1 ఒక్కటి చేస్తే 0 0 0 | 1 వచ్చి విషయం తేలిపోతుంది.

అడ్డువరుసల పద్ధతిలోనూ ఒక ప్రమాదం ఉంది, అది తరచుగా జరిగేదే. పై మొదటి ఉదాహరణలో తొలి నిలువువరుసను శుభ్రం చేశాక రెండో వరుస 0 1 −3 | −270, మూడో వరుస 0 −1 −2 | −480 అవుతాయి. స్థలం కలిసివస్తుందని R2 → R2 + R3, R3 → R3 + R2 రెండింటినీ పాత విలువలతో ఒకే మెట్టులో రాస్తే, రెండు వరుసలూ 0 0 −5 | −750 అయిపోతాయి. ఒక సమీకరణం మాయమై, లేని అనంత సాధనలు ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక మెట్టులో మారుతున్న వరుసను అదే మెట్టులో మరో వరుసను మార్చడానికి వాడకూడదు. R1ను కదపకుండా దానితో R2ను, R3ని ఒకేసారి మార్చడంలో తప్పు లేదు.

ఇలా వరుస మాయమైందేమోనన్న అనుమానం వస్తే, అది ఏ మెట్టులో పోయిందో చూడడానికి ప్రతి మెట్టునూ వెనక్కి తిప్పగలమా అని పరీక్షించాలి. కూడికల్లో దొర్లే పొరపాట్లను పట్టుకోవడానికి మాత్రం గీతకు అవతల మరో నిలువువరుసలో ఒక్కో వరుస మొత్తాన్ని రాసుకుని, దానిమీద కూడా అవే పరిక్రియలు చేయడం మంచిది. మన ఉదాహరణలో మొదటి వరుస మొత్తం 724, రెండోది 1176. R2 → R2 − 2R1 తరువాత అక్కడ −272 రావాలి; కొత్త వరుసను కూడినా 0 + 1 − 3 − 270 = −272 రావాలి. సరిపోకపోతే తప్పు ఆ మెట్టులోనే ఉంది.

క్రేమర్‌ను పూర్తిగా పక్కన పెట్టమని నేను అనడం లేదు. మూడింటిలో z ఒక్కటే కావాలన్నప్పుడు, లేదా గుణకాల్లో k వంటి అక్షరం ఉండి ఏ విలువకు ఏకైక సాధన ఉంటుందో అడిగినప్పుడు, నిర్ధారకం నేరుగా జవాబు చూపిస్తుంది. మన మూడో బిల్లులో చింతపండు k కిలోలు అనుకుంటే Δ = k − 9 అవుతుంది, కాబట్టి k = 9 తప్ప మిగిలిన అన్ని విలువలకూ ధరలు ఒక్కటే విధంగా తేలుతాయి. ఆ k = 9 దగ్గర ఏం జరుగుతుందో చూడాలంటే మాత్రం ఆగ్మెంటెడ్ మాత్రికనే రాయాలి.