షూటౌట్‌లో మేటి కిక్కర్ ఎప్పుడు రావాలి? మొదటా, నాలుగా, ఐదా: ఏది మేలు?

మౌలాలి వైపు ఒక మట్టి మైదానంలో మా కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్లో షూటౌట్‌లో, అంటే సమంగా ముగిసిన ఆటను జట్టుకు ఐదేసి పెనాల్టీ కిక్కులతో తేల్చే దగ్గర, ఓడిపోయింది. బస్టాపు దాకా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ మా కెప్టెన్ నన్ను సూటిగా అడిగాడు: "సార్, నన్ను మొదటే పంపి ఉంటే గెలిచేవాళ్ళం కదా?"

అడిగే హక్కు అతనికి ఉంది. జట్టులో పెనాల్టీ కొట్టడంలో అతనిదే మొదటి పేరు. నేను అతన్ని ఐదో స్థానానికి దాచాను. ఆ ఐదో కిక్కు రానే లేదు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాక అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్నకు చాలామంది కోచ్‌లు చెప్పే జవాబు తప్పు. నేను చెబుతూ వచ్చిందీ తప్పే.

ముందు ఆ రోజు జరిగింది చెప్పాలి. టాస్ గెలిచిన అవతలి జట్టు మొదట కొట్టింది. వాళ్ళ ఐదు కిక్కులు వరుసగా గోల్, గోల్, తప్పు, గోల్, గోల్. మావి గోల్, తప్పు, గోల్, తప్పు. వాళ్ళ ఐదో కిక్కు లోపలికి వెళ్ళేసరికి లెక్క 4-2. మాకు ఒక్క కిక్కే మిగిలింది, అది పడినా మూడే. ఇక అందుకోలేమని తేలిన క్షణంలోనే ఆట ముగుస్తుంది. ఐదేసి కిక్కులు పూర్తి కావాలన్న నియమం లేదు.

ఇప్పుడు కెప్టెన్‌ను మొదట పంపామనుకుందాం. అతను గోల్ కొట్టాడనే అనుకుందాం. మిగతా నలుగురు ఒక్కో మెట్టు వెనక్కి జరుగుతారు. వాళ్ళు కొట్టినవి అలాగే ఉంటే మా మొత్తం మూడు, వాళ్ళది నాలుగు. ఓటమే. అతన్ని మూడో స్థానంలో పెట్టినా అంతే. ఐదుగురూ అదే ఐదుగురు అయినప్పుడు, ఎవరి కిక్కు ఎలా పడుతుందో మారనప్పుడు, వరుస మార్చితే మొత్తం మారదు. వాడకుండా మిగిలిన కిక్కు వృథా అయినట్టు కనిపిస్తుంది కానీ, అది పడినా ఫలితం మారదని తేలాకే ఆట ఆగింది.

2012 యూరో సెమీఫైనల్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. స్పెయిన్ చేతిలో పోర్చుగల్ 4-2తో ఓడింది. ఐదో కిక్కు కోసం ఉంచిన క్రిస్టియానో రొనాల్డో బంతిని తాకనే లేదు. అతన్ని ముందు పంపకపోవడమే తప్పని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. కానీ చూడండి: పోర్చుగల్ తరఫున మౌతీన్యో, బ్రూనో ఆల్వెస్ గోల్ చేయలేకపోయారు. పెపె, నాని చేశారు. రొనాల్డోది కలిపినా మూడే. స్పెయిన్ తరఫున అలోన్సో ఒక్కడే తప్పాడు, మిగతా నాలుగు పడ్డాయి. రొనాల్డో ఏ స్థానంలో వచ్చినా నాలుగును మూడు దాటదు.

అయితే వరుసతో అసలు పనే లేదా? ఉంది, కానీ వేరే కారణంతో. ఒక మనిషి కిక్కు ఎప్పుడు వచ్చినా ఒకేలా పడుతుందని పైన అనుకున్నాం. అది నిజం కాదు. నార్వేకు చెందిన పరిశోధకుడు గైర్ యోర్దెత్ పెద్ద టోర్నమెంట్ల షూటౌట్‌లను పరిశీలించారు. పడితే వెంటనే గెలుపు అన్న కిక్కులు పదికి తొమ్మిదికి పైగా లోపలికి వెళ్ళాయి. తప్పితే వెంటనే ఓటమి అన్న కిక్కులు పదికి ఆరు మాత్రమే వెళ్ళాయి. దూరం అదే పదకొండు మీటర్లు, గోల్ అదే. మారేది తల మీది బరువు. కాబట్టి అసలు ప్రశ్న ఇది: ఆ బరువైన కిక్కు ఏ స్థానంలో వస్తుంది? అక్కడ ఎవరు నిలబడాలి?

మొదటి స్థానంలో ఆ బరువు రాదు. మొదటి కిక్కు తప్పినా కోలుకోవడానికి నాలుగు ఉంటాయి. మంచి ఆరంభం జట్టుకు ఊపిరినిస్తుందన్న మాటను కొట్టిపారేయను. అయినా గట్టి గుండె ఉన్న మనిషిని అక్కడ ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు.

ఐదో స్థానంలో బరువు నిజంగానే ఎక్కువ, కానీ ఆ కిక్కు రావడమే అనుమానం. రెండు జట్లలో ప్రతి కిక్కూ నాలుగింట మూడుసార్లు పడుతుందనుకుని లెక్క వేశాను. మొదట కొట్టే జట్టుకు ఐదో కిక్కు 100 షూటౌట్‌లలో సుమారు 79 సార్లు వస్తుంది. రెండోగా కొట్టే జట్టుకు 56 సార్లే. అంటే ఆ రోజు మా కెప్టెన్ వంతు రావడమన్నది దాదాపు బొమ్మా బొరుసూ లాంటిది.

నాలుగో కిక్కు సంగతి వేరు. మొదట కొట్టే జట్టుకు అది దాదాపు 99 సార్లు వస్తుంది, రెండో జట్టుకు 92 సార్లు. వెనకబడిన జట్టు కిక్కు తప్పితే ఆట ముగిసిపోయే పరిస్థితి చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అందుకే నా ఓటు నాలుగుకే, ముఖ్యంగా రెండోగా కొడుతున్నప్పుడు. ఆ రోజు మా నాలుగో కిక్కర్ బంతి పెట్టేసరికి లెక్క 3-2. తప్పితే వెంటనే ఓడిపోయేవాళ్ళం కాదు కానీ, గెలుపు మా చేతుల్లోంచి జారిపోతుంది. ఆ కుర్రాడికి పదహారేళ్ళు. బంతి దగ్గరికి వెళ్ళేటప్పుడు అతను గోల్‌పోస్టు వైపు కాకుండా నేల వైపు చూశాడు. అక్కడ కెప్టెన్ ఉండాల్సింది. ఆ ఒక్క విషయంలో కెప్టెన్ నన్ను తప్పుపట్టవచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కిక్కుల వరుసను రిఫరీకి ముందే రాసి ఇవ్వాలని ఆట నియమాల్లో లేదు. ఎవరు ఎప్పుడు కొట్టాలో జట్టే చూసుకుంటుంది. ఆట ముగిసే సమయానికి ఆడుతున్నవాళ్ళే కొట్టాలి, అందరూ ఒకసారి కొట్టాకే ఒకరు రెండోసారి రావాలి. అంతే. జాబితా అంటే రాతి మీద గీత కాదు. మూడు కిక్కుల తర్వాత వెనకబడి ఉంటే, ఐదుకు అనుకున్న మనిషిని నాలుగుకు పిలవవచ్చు. నేను ఆ రోజు జేబులోని కాగితానికి కట్టుబడి ఉండిపోయాను.

టాస్ గెలిస్తే మొదట కొట్టడం మేలా, రెండోగా కొట్టడం మేలా? 2003 నుంచి గెలిచిన కెప్టెన్‌కు ఎంచుకునే హక్కు ఉంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనం 129 షూటౌట్‌లు చూసి, మొదట కొట్టిన జట్టు 60 శాతానికి పైగా గెలిచిందని చెప్పింది. రెండేళ్ళ తర్వాత మరో బృందం 540 షూటౌట్‌లు చూస్తే అది 53 శాతానికి దిగింది. కాకతాళీయం కాదని చెప్పలేనంత చిన్న తేడా అది. ఒక జట్టు ఒకటి, అవతలి జట్టు వరుసగా రెండు కొట్టే పద్ధతిని 2017లో ప్రయత్నించి, తర్వాత వదిలేశారు. కిక్కర్లు ఇద్దరే నమ్మకమైనవాళ్ళుంటే మొదట కొట్టమంటాను, వెనకబడ్డ బరువు కొంత తగ్గుతుంది. లేకపోతే దీని గురించి ఎక్కువ ఆలోచించను.

ఇక కెప్టెన్‌కు నేను ఇచ్చిన అసలు జవాబు కీపర్ గురించి. అవతలి జట్టు నాలుగో కిక్కును మా కీపర్ మొదటిసారి ఆపేశాడు. మేమంతా గాలిలోకి ఎగిరాం. రిఫరీ చెయ్యి ఎత్తి మళ్ళీ కొట్టమన్నాడు. కీపర్ రెండు పాదాలూ గీత దాటి ముందుకు వచ్చాయి. రెండోసారి బంతి లోపలికి వెళ్ళింది. ఆ ఆపడం నిలబడి ఉంటే వాళ్ళ మొత్తం మూడే అయ్యేది, రెండు గోల్స్‌తో ఉన్న మాకు ఐదో కిక్కు వచ్చేది. కెప్టెన్ కిక్కును తీసేసుకున్నది నా జాబితా కాదు, రెండు అడుగుల మట్టి.

నియమం ఇలా ఉంది. బంతిని తన్నే క్షణానికి కీపర్ ఒక పాదంలో కొంత భాగమైనా గీతను తాకుతూ ఉండాలి, లేదా గీతకు సూటిగా గాలిలో ఉండాలి, లేదా గీత వెనక ఉండాలి. అప్పటిదాకా రెండు పోస్టుల మధ్య, కిక్కర్‌కు ఎదురుగా ఉండాలి. గీత వెంబడి అటూ ఇటూ కదలడం తప్పు కాదు.

ముందుకు దూకడం మేలా, గీత మీద ఆగడం మేలా అని కుర్రాళ్ళు అడుగుతారు. ఫలితాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ముందుకు వచ్చిన కీపర్‌కు గోల్ పడితే గోల్ నిలుస్తుంది. బంతిని ఆపితే మళ్ళీ కొట్టిస్తారు. బయటకు పోయినా, పోస్టుకు తగిలి వెనక్కి వచ్చినా, కీపర్ చేసిన తప్పు కిక్కర్‌ను స్పష్టంగా దెబ్బతీసిందని రిఫరీ అనుకుంటేనే మళ్ళీ కొట్టిస్తారు. కాబట్టి ఆ అడుగు రిఫరీ కంట పడితే కీపర్ పోగొట్టుకునేది తాను ఆపిన బంతినే. మొదటిసారికి హెచ్చరిక, తర్వాత పసుపు కార్డు. మ్యాచ్‌లో వచ్చిన పసుపు కార్డు షూటౌట్‌లోకి రాదు. కానీ షూటౌట్‌లోనే రెండు పడితే కీపర్ బయటికి వెళ్ళాలి, మైదానంలో ఉన్నవాళ్ళలో ఒకరు గోల్‌లో నిలబడాలి.

2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గుర్తుందా? హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1తో షూటౌట్‌కు వెళ్ళాయి. కేరళ ఆటగాడు నిషు కుమార్ కిక్కును హైదరాబాద్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని ఆపాడు. రిఫరీ మళ్ళీ కొట్టించాడు. కట్టిమని దాన్నీ ఆపాడు. మొత్తం మూడు కిక్కులు ఆపి 3-1తో కప్పును హైదరాబాద్‌కు తెచ్చాడు. రెండోసారి ఆపడం చూసి మా కీపర్ ఆ రోజు నుంచి కట్టిమని పోస్టర్ పెట్టుకున్నాడు. మొదటిసారి ఎందుకు చెల్లలేదో మాత్రం ఎవరూ అతనికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మాటలతో కిక్కర్‌ను కుదిపే పనులు కూడా ఇప్పుడు తగ్గాయి. 2022 ప్రపంచ కప్ ఫైనల్లో అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ బంతిని దూరంగా విసిరేశాడు. ఫ్రాన్స్ ఆటగాడు చువామెని నడిచి వెళ్ళి తెచ్చుకుని, బయటకు కొట్టాడు. మరుసటి ఏడాది నియమాల్లో స్పష్టంగా చేర్చారు: కిక్కు ఆలస్యం చేయకూడదు, పోస్టులను, అడ్డకర్రను, వలను తాకి కిక్కర్ ధ్యాస చెదరగొట్టకూడదు. కాబట్టి వలను ఊపే అలవాటున్న కీపర్లు మానుకోవాలి. కదలకుండా నిలబడి కిక్కర్ నిలకడగా పెట్టే కాలిని చూసేవాడికి నా దృష్టిలో ఇప్పుడు ఎక్కువ లాభం.

మట్టి మైదానంలో ఇంకో చిక్కు ఉంది. నాలుగైదు కిక్కులయ్యేసరికి కీపర్ బూట్ల కింద సున్నం గీత చెరిగిపోతుంది. అప్పుడు కీపర్‌కూ తెలియదు, రిఫరీకీ తెలియదు. షూటౌట్ మొదలయ్యే ముందు కెప్టెన్ వెళ్ళి గీతను మళ్ళీ వేయించమని రిఫరీని అడగాలి.

పోయిన ఆదివారం సాధన మొదలుపెట్టాం. కీపర్ మడమ వెనక ఒక తాడు పరిచి, బంతి తన్నిన క్షణంలో పాదం ఎక్కడుందో ఫోనులో తీసి చూపిస్తున్నాను. వందలో ముప్పై సార్లు ముందుకు వస్తున్నాడు. కెప్టెన్ నాలుగో స్థానానికి ఒప్పుకున్నాడు. కాగితం మీద మాత్రం అతని పేరు పక్కన అంకె వేయలేదు.