టారో కార్డు మూసి తీయాలా, చూసి ఎంచుకోవాలా: ఏది మేలు?

జరగబోయేది చెప్పడానికి టారో అనే ఈ బొమ్మల పేక పనికొస్తుందని నేను నమ్మను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. అసలు ఇది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది, జోస్యం దానికి చాలా తర్వాత అంటుకుంది. నేను వాడేది అద్దంలాగా. బొమ్మను చూస్తే మన మనసులో ఏం కదిలింది, అంతే. సైకాలజిస్టు కార్ల్ యుంగ్ ఆర్కిటైప్ అన్నది కూడా ఇలాంటిదే: ముసలి జ్ఞాని, తల్లి, మాయగాడు, వెర్రిబాగులోడు, ఇలా ఏ ఊరి కథలోనైనా తిరిగే మూర్తులు. వాటిలో ఒకటి ఎదురుగా కనిపిస్తే మన సొంత కథ దానికి తగులుకుంటుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. కార్డును కలిపి, బోర్లించి, కళ్లు మూసుకుని తీయాలా? లేక 78 కార్డులూ చాప మీద పరిచి, చూసి ఎంచుకోవాలా? చాలామంది మొదటిదే అసలు పద్ధతి అనుకుంటారు, నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నా. మా చిన్నాయన కొడుకుతో కూర్చున్న రోజు నా అభిప్రాయం మారింది.

వాడు అనంతపురంలో రూము తీసుకుని నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి, "అన్నా, ఈసారన్నా వస్తుందో రాదో నీ కార్డుల్లో చూడు" అన్నాడు. వస్తుందో రాదో ఇందులో తెలీదురా, ఈ చదువు విషయంలో నువ్వు ఏం చూడకుండా ఉన్నావో అడుగు అన్నా. మొహం చిట్లించినా సరేనన్నాడు. (ప్రశ్న మార్చడం చిన్న పనిలా ఉంటుంది కానీ సగం పని అక్కడే అయిపోతుంది. "అవుతుందా" అని అడిగితే ఏ కార్డు వచ్చినా అది శకునమే.)

ముందు మూసి తీశాడు. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. మాది 1909 నాటి బొమ్మల సెట్టు, గీసినామె పమేలా కోల్మన్ స్మిత్. కళ్లకు గంతలు కట్టిన ఆడమనిషి, ఒంటిని గుడ్డతో చుట్టి కట్టేశారు, చుట్టూ ఎనిమిది కత్తులు నేలలో గుచ్చి ఉంటాయి. వాడు చూసీ చూడగానే "అయిపాయె, నేను ఇరుక్కున్నానని దానికీ తెలిసిపోయింది" అన్నాడు. చూశారా, కాగితం ముక్కకు తెలిసిపోయిందట! మూసి తీయడంలో గొడవ ఇదే. యాదృచ్ఛికంగా వచ్చినది "నాకే వచ్చింది" అనిపిస్తుంది. అందులోనూ కాలజ్ఞానం పుట్టిన సీమ మనది, ఏది కనిపించినా రాబోయేదేంటో అని చూడటం మనకు అలవాటు. ఒకే కార్డు మళ్లీ వస్తే ఇక చెప్పక్కర్లేదు, పిలిచి చెబుతోందంటారు. రోజుకొకటి తీసి మళ్లీ కలుపుతూ పోతే, పది రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి వచ్చే అవకాశం లెక్క ప్రకారమే దాదాపు 45 శాతం. పిలుపూ లేదు, గిలుపూ లేదు.

అలాగని మూసి తీయడం వృథా కాదు. వాడిని ఆపి, అర్థం సంగతి వదిలేసి రెండు నిమిషాలు బొమ్మలో ఏముందో మాత్రం చెప్పమన్నా. గంతలు, కత్తులు, వెనకాల కొండ మీద కోట... అంటూ పోయి, "కాళ్లకు కట్టు లేదే, ఎదురుగా కత్తి కూడా లేదు" అని ఆగిపోయాడు. తనంతట తాను ఆ బొమ్మను ఎంచుకునేవాడు కాదు, కాబట్టి ఆ మాటా వచ్చేది కాదు. అదే కథను అరిగిపోయిన రికార్డులా చెప్పుకునేవాళ్లకు మూసి తీయడం వల్ల లాభం ఇది, పట్టాలు తప్పిస్తుంది. అయితే వాడి మాట అక్కడే ఆగింది. కట్టు లేదు సరే, అయితే ఎటు పోవాలి? బొమ్మలో లేదు, వాడి నోట్లోనూ లేదు.

తర్వాత అన్నీ పరిచా. మెచ్చినది ఒకటి, చూడబుద్ధి కానిది ఒకటి తీయమన్నా. మెచ్చినది హెర్మిట్: మంచుకొండ మీద ఒంటరిగా లాంతరు పట్టుకున్న ముసలాయన. వాడికి రవ్వలకొండలో కూర్చున్న బ్రహ్మంగారు గుర్తొచ్చారట, రూములో ఒంటరిగా చదువుకునే తానూ అలాంటివాడేనట. ఇదిగో, చూసి ఎంచుకోవడంలో లోపం ఇది: మనకు మనం ఎలా కనబడాలనుకుంటామో ఆ బొమ్మే తీస్తాం. హెర్మిట్ గురించి పావుగంట మాట్లాడాడు, కొత్త మాట ఒక్కటీ లేదు.

నచ్చనిది ఫోర్ ఆఫ్ కప్స్. చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్న కుర్రాడు, ముందు మూడు గిన్నెలు, మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగో గిన్నె అందిస్తుంటే వాడు చూడనైనా చూడడు. ఎందుకు నచ్చలేదురా అంటే "సోమరిపోతు, అమ్మ అన్నం పెడుతుంటే వద్దని మొహం తిప్పుకున్నట్టు ఉన్నాడు" అని కాస్త కోపంగానే అన్నాడు. ఆ గిన్నెలో ఏముందనుకుంటున్నావ్ అన్నా. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పాడు, ధర్మవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు పని ఉందని వాళ్లు ఫోన్ చేసి ఇరవై రోజులయిందట, ఇంకా జవాబివ్వలేదట, ఇంట్లోనూ చెప్పలేదట. చిన్నాయన పక్క గదిలోనే ఉన్నాడు, నేను గొంతు తగ్గించా.

ఇది కార్డు చెప్పిందనుకోవద్దు, ఎక్కడైనా తగులుకునే విషయం వాడిలో ఉంది కాబట్టి తగులుకుంది. మరి ఉత్త మాటకూ నిజంగా తగిలిన దానికీ తేడా ఎలా తెలుస్తుంది? బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు 1948లో విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణన, నీకోసమే రాసింది అని ఇచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో 5కు మార్కులేయమంటే సగటున 4.26 వచ్చింది. టారో సెట్టుతో వచ్చే చిన్న పుస్తకంలో వాక్యాలు చాలా వరకు ఆ జాతివే, అందుకే దాన్ని ముందు తెరవనివ్వను. "నీలో సందిగ్ధం ఉంది" అనే మాట ఎవరికైనా సరిపోతుంది, ఏ కార్డు పెట్టినా సరిపోతుంది. "ధర్మవరం, ఇరవై రోజులు, ఇంట్లో చెప్పలేదు" అనేది వాడికి తప్ప ఎవరికీ సరిపోదు. ఊరి పేరు, రోజుల లెక్క, మనిషి పేరు రాకపోతే ఇంకా ఏమీ తగల్లేదని లెక్క.

అందుకే ఇప్పుడు నా ఓటు పరిచి ఎంచుకోవడానికే, అదీ నచ్చని కార్డు కూడా తీస్తేనే. నచ్చిన కార్డు ఒక్కదానితో ఆపేస్తే అది సెల్ఫీ. టెన్షన్ మనుషులకు, శకునాలంటే భయపడేవాళ్లకు మూసి తీసే పద్ధతి అసలే వద్దంటాను. పేరులోనే చావున్న కార్డు ఒకటి ఉంది, చేతికొస్తే రాత్రి నిద్రపోరు. నెలల తరబడి ఒకేచోట గిరగిరా తిరిగేవాళ్లయితే మూసి ఒక్కటి తీయొచ్చు, ఒక్కటే. నచ్చలేదని రెండోది, మూడోది తీస్తున్నారంటే అద్దం చూడటం మానేసి జవాబు వెతుక్కుంటున్నారని గుర్తు, అప్పుడు సెట్టు డబ్బాలో పెట్టేయాలి. నిద్ర, తిండి దెబ్బతినేంత దిగులుంటే ఈ రెండు పద్ధతులూ కాదు, డాక్టరు దగ్గరికే.

వాడిని ఏం చేస్తావని అడగలేదు, ఆదివారంలోగా వాళ్లకు అవుననో కాదనో ఫోన్ చేయమన్నా, అంతే. శనివారం రాత్రి వాడే చేశాడు, నాకు. "అన్నా, పొద్దున పూటే పని, మధ్యాహ్నం నుంచి చదువుకోవచ్చంటున్నారు, జీతం మాత్రం తక్కువ, నాయనతో నువ్వు చెప్తావా?" అన్నాడు. నేను చెప్పనన్నా.