డాష్‌బోర్డ్ లైట్ ఫొటో చూసి “నడపొచ్చా, వద్దా” తేల్చడం: ఆరేళ్ల వాడకం తర్వాత

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరి కారులో లైట్ వెలిగినా ముందు నా ఫోన్‌కే ఫొటో వస్తుంది. నేను మెకానిక్‌ని కాను. నా కారు పనులు చాలావరకు నేనే చేసుకుంటాను కాబట్టి నాకు తెలుసని వాళ్ల నమ్మకం. ఫొటో కింద ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: “గ్యారేజీ దాకా నడపొచ్చా?” ఆరేళ్లుగా ఇలా ఫొటోలు చూసి జవాబు చెబుతున్నాను. ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ దెబ్బ కొడుతుందో నాకిప్పుడు స్పష్టంగా తెలుసు.

ముందు మంచి సంగతి. గుర్తు ఏమిటో తేల్చడానికి ఫొటోని మించింది లేదు. ఫోన్‌లో వర్ణించమంటే ఒకరు “కుళాయిలా ఉంది” అంటారు, అది చెక్ ఇంజన్ లైట్. ఇంకొకరు “అల్లావుద్దీన్ దీపంలా ఉంది” అంటారు, అది ఆయిల్ ప్రెషర్ లైట్. “నీళ్లలో తాళంచెవి” అన్నది కూలెంట్ వేడి గుర్తు. ఫొటో వస్తే ఈ గందరగోళం ఉండదు. ఈ గుర్తులు చాలావరకు ISO 2575 ప్రమాణం ప్రకారమే ఉంటాయి కాబట్టి కంపెనీ మారినా బొమ్మ పెద్దగా మారదు. ఇంజన్ నడుస్తుండగా ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే ఇక ఆలోచించాల్సింది లేదు. పక్కకు ఆపి ఇంజన్ ఆపేయాలి, గ్యారేజీ ఒక కిలోమీటరే ఉన్నా నడపకూడదు. ఆ జవాబు ఇవ్వడానికి నాకు పది సెకన్లు చాలు.

అసలు చిక్కు ఎర్రటి బ్యాటరీ లైట్‌తో. చూడ్డానికి భయపెట్టని గుర్తు అది. ఒక చిన్న పెట్టె, దాని మీద ప్లస్, మైనస్. “బ్యాటరీ వీక్ అయినట్టుంది, పోనిద్దాం” అని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

రెండో ఏడాది ఒక సాయంత్రం మా చెల్లి ఫొటో పంపింది. బాగా దగ్గరికి జూమ్ చేసి తీసింది, ఎర్రటి పెట్టె గుర్తు తప్ప ఇంకేమీ కనిపించలేదు. “అన్నయ్యా, ఇది వెలిగింది. గ్యారేజీ ఎనిమిది కిలోమీటర్లు. వెళ్లనా?” అని అడిగింది. బ్యాటరీ చార్జ్ కావడం లేదని, ఏసీ ఆపేసి నెమ్మదిగా వెళ్లిపొమ్మని చెప్పాను. పావుగంటకి మళ్లీ ఫోన్. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది, వేడి ముల్లు ఎర్ర గీత దాటిపోయింది. గ్యారేజీలో విప్పి చూస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది.

బ్యాటరీకి ఏమీ కాలేదు. తెగింది బెల్ట్. ఆ కారులో ఇంజన్ ముందు ఒకే బెల్ట్ బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ, పవర్ స్టీరింగ్ పంపునీ, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని నడిపించే వాటర్ పంపునీ తిప్పుతుంది. బెల్ట్ తెగగానే ఆల్టర్నేటర్ ఆగింది కాబట్టి బ్యాటరీ లైట్ వెలిగింది. డాష్‌బోర్డ్ చెప్పింది అంతే. అదే క్షణంలో వాటర్ పంప్ కూడా ఆగింది. కూలెంట్ కదలకపోతే ఇంజన్ కొద్ది నిమిషాల్లోనే మరిగిపోతుంది. “లైట్ వెలిగినప్పుడే స్టీరింగ్ బరువెక్కింది అన్నయ్యా, నేను పట్టించుకోలేదు” అని చెల్లి తర్వాత చెప్పింది. ఆ ఒక్క మాట ముందే అడిగి ఉంటే కారు అక్కడే ఆగేది. ఈ రోజుకీ ఆ సంగతి గుర్తొస్తే మనసు కష్టంగా ఉంటుంది.

అప్పటి నుంచి బ్యాటరీ లైట్ ఫొటో ఒక్కటే చూసి “వెళ్లు” అని ఎవరికీ చెప్పలేదు. రెండు ఫొటోలు అడుగుతాను. మొదటిది ఇంజన్ నడుస్తుండగా మీటర్ మొత్తం పడేలా తీసినది. అందులో నేను ముందు చూసేది లైట్‌ని కాదు, ఆర్‌పీఎం ముల్లుని. అది సున్నా దగ్గర ఉంటే ఇంజన్ ఆగి ఉందన్నమాట. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా తీస్తే బ్యాటరీ లైట్, ఆయిల్ లైట్ ఏ మంచి కారులోనైనా వెలిగే ఉంటాయి. అలాంటి ఫొటో దేనికీ పనికిరాదు. కంగారులో కారు ఆపేసి, మళ్లీ తాళం తిప్పి ఫొటో తీసేవాళ్లు చాలామంది. వాళ్లు పంపిన క్రిస్మస్ చెట్టులాంటి ఫొటోలు నా దగ్గర డజనుకు పైగానే ఉన్నాయి.

తర్వాత చూసేది వేడి ముల్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా కార్లలో ఆ ముల్లు అసలు వేడిని ఉన్నదున్నట్టు చూపదు. మామూలు పరిధిలో ఎంత పెరిగినా తగ్గినా మధ్యలోనే నిలబడేలా తయారుచేస్తారు, పరిధి దాటాకే చటుక్కున పైకి లేస్తుంది. కాబట్టి ముల్లు మధ్యలో ఉన్న ఫొటో చూసి అంతా బాగుందనుకోకూడదు. కూలెంట్ పూర్తిగా కారిపోయినా ముల్లు తప్పు చెప్పవచ్చు, ఎందుకంటే సెన్సర్ చుట్టూ నీళ్లే ఉండవు.

అందుకే రెండో ఫొటో బానెట్ లోపలిది. ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్ట్ కనిపించేలా తీయమంటాను. ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ తిరగవచ్చు కాబట్టి చేయి లోపల పెట్టొద్దని, రేడియేటర్ మూత అసలు ముట్టుకోవద్దని ప్రతిసారీ గుర్తు చేస్తాను. బెల్ట్ తన చక్రాల మీద బిగుతుగా ఉందా, వదులై వేలాడుతోందా, అసలు లేనే లేదా అన్నది ఫొటోలో బాగానే తెలుస్తుంది. కొన్ని కార్లలో వాటర్ పంప్‌ని తిప్పేది లోపలి టైమింగ్ బెల్ట్, ఇంకొన్నిట్లో పంప్ కరెంటుతో నడుస్తుంది. వాటిలో బయటి బెల్ట్ తెగినా ఇంజన్ వెంటనే మరగదు. కానీ రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి తన కారు ఏ రకమో తెలియదు. బెల్ట్ లేదంటే బండి కదలకూడదు, నా లెక్క అంతే.

బెల్ట్ ఉందని తేలితే సంగతి మారుతుంది. పోయిన ఏడాది మా బావ పంపిన ఫొటోలు ఇలాంటివే. ఆర్‌పీఎం 800 దగ్గర ఉంది, బ్యాటరీ లైట్ వెలుగుతోంది, వేరే ఏ లైటూ లేదు. బెల్ట్ బిగుతుగా ఉంది. “స్టీరింగ్ బరువుగా ఉందా బావా?” అని అడిగాను. మామూలుగానే ఉందన్నాడు. లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న వోల్ట్ మీటర్ ఆయన దగ్గర ఉంది. ఇంజన్ నడుస్తుండగా అది 12.1 చూపిస్తోంది. ఆల్టర్నేటర్ బాగా పనిచేస్తుంటే చాలా కార్లలో అది 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంటే చార్జింగ్ లేదు, కారు బ్యాటరీలో మిగిలిన దాంతోనే నడుస్తోంది. పట్టపగలు, పదకొండు కిలోమీటర్ల దూరం, ట్రాఫిక్ లేని రోడ్డు. వెళ్లొచ్చన్నాను.

దానికి కొన్ని షరతులు పెట్టాను. ఏసీ, బ్లోయర్, పాటలు ఆపేయాలి, ఫోన్ చార్జర్ తీసేయాలి. దారిలో ఇంజన్ ఆపకూడదు, ఎందుకంటే మళ్లీ స్టార్ట్ చేయడానికి సరిపడా చార్జ్ ఉండకపోవచ్చు. ఐదు నిమిషాలకోసారి పక్కకు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే ఇంకో ఫొటో పంపాలి. మూడో ఫొటోలో మీటర్ 11.6 చూపింది, వేడి ముల్లు మాత్రం కదల్లేదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ లైట్లు ఒక్కొక్కటిగా వెలగడం మొదలైతే వోల్టేజీ బాగా పడిపోయిందని అర్థం, అప్పుడు ఎక్కడుంటే అక్కడే ఆపేయమన్నాను. అంతదాకా రాలేదు, గ్యారేజీకి చేరాడు. ఆల్టర్నేటర్‌లో బ్రష్‌లు అరిగిపోయాయని తేలింది. అదే రాత్రిపూట, వానలో అయి ఉంటే వద్దనే చెప్పేవాణ్ణి. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ కలిస్తే బ్యాటరీ చాలా త్వరగా ఖాళీ అవుతుంది, చీకట్లో నడిరోడ్డు మీద కారు ఆగిపోవడం ఇంజన్ పాడవడం కన్నా ప్రమాదం.

ఫొటోతో నాకున్న మిగతా ఇబ్బందులు రెండు. ఒకటి రంగు. చీకట్లో ఫోన్ కెమెరా వెలుతురు పెంచేసుకుంటుంది, దాంతో ఎర్ర లైట్ మధ్యలో తెల్లబడి, ఫొటోలో నారింజ రంగులోనో పసుపు రంగులోనో కనిపిస్తుంది. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆపు. ఆ తేడా మీదే నిర్ణయమంతా ఉన్నప్పుడు కెమెరాని నమ్మలేం. “నీ కంటికి ఏ రంగు కనిపిస్తోంది?” అని ఫోన్‌లో అడిగి తీరతాను.

రెండోది, లైట్ నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా అన్నది ఫొటో చెప్పలేదు. చెక్ ఇంజన్ లైట్ విషయంలో ఇదే ముఖ్యం. నిలకడగా ఉండి, ఇంజన్ మామూలుగా లాగుతుంటే నెమ్మదిగా గ్యారేజీకి వెళ్లొచ్చు. ఆరి వెలుగుతుంటే సాధారణంగా ఏదో సిలిండర్‌లో మిస్‌ఫైర్ ఉన్నట్టు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఆ వేడికి అది పాడవుతుంది. పక్కింటి అబ్బాయి ఒకసారి ఈ లైట్ ఫొటో పంపితే, పది సెకన్ల వీడియో తీసి పంపమన్నాను. వీడియోలో లైట్ టపటపా కొట్టుకుంటోంది, ఇంజన్ వణుకుతున్న చప్పుడు కూడా వినిపించింది. కారు అక్కడే వదిలేయించాను. ఇప్పుడు ఏ లైట్ అయినా ఫొటోతో పాటు వీడియో కూడా అడుగుతాను.

ఇంకా తేలని కేసు ఒకటుంది. వేడి ముల్లు లేకుండా, నీలం లైట్, ఎర్ర లైట్ మాత్రమే ఇచ్చే కార్లు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం, మరిగాక ఎరుపు, మధ్యలో ఏమీ ఉండదు. వాటిలో ఎర్ర లైట్ వెలిగే దాకా వేడి పెరుగుతోందని ఏ ఫొటోలోనూ కనిపించదు. అలాంటి కారులో బ్యాటరీ లైట్ వెలిగిందని ఎవరైనా ఫొటో పంపితే, బెల్ట్ ఫొటో వచ్చేదాకా నేనేమీ చెప్పను. బానెట్ ఎత్తడం రాదన్నా, బెల్ట్ కనిపించడం లేదన్నా, టోయింగ్ బండికి ఫోన్ చేయమంటాను.